కఫంతో రాయి దుమ్మంతా బయటికి వచ్చేస్తుందా?

“డాక్టర్ గారూ, నేను తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నాను. మా నాన్న కుప్పం దగ్గర గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ చేసే చోట 14 ఏళ్ళుగా పనిచేస్తున్నారు. పొద్దున లేవగానే అరగంట దగ్గు, బూడిద రంగు కఫం. ‘కఫంతో దుమ్ము పోతోంది కదా, మిగిలింది బెల్లం లాగేస్తుంది’ అంటారు. పని దిగాక రోజూ ఒక బెల్లం ముక్క తింటారు. శ్వాసనాళాల్లోని సన్న వెంట్రుకల్లాంటి శైలికలు దుమ్మును పైకి నెట్టేస్తాయని మా పుస్తకంలోనూ ఉంది. మరి నాన్న మాట నిజమేనా? 23 తరాల కొమ్మలు, గోడలో మారే కణాలు అంటూ పరీక్ష కోసం బట్టీ పట్టాను గానీ, దానికీ నాన్న దగ్గుకీ ఉన్న సంబంధం నాకు అర్థం కావడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.”
– ఒక నర్సింగ్ విద్యార్థిని, తిరుపతి

అమ్మా, కఫంలో బూడిద రంగుగా కనబడేది రాయి దుమ్మే. అయితే అది శ్వాసనాళం పై కొమ్మల్లో ఆగిపోయిన దుమ్ము. కొమ్మల చివర ఉండే గాలి గదుల దాకా దిగిన దుమ్ము అలా దగ్గితే రాదు. బెల్లం దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోదు. ఎక్కడిదాకా దిగిన దుమ్ము తిరిగి వస్తుంది, ఎక్కడినుంచి రాదు అన్నది ఆ గోడలో ఉన్న కణాలే తేలుస్తాయి. నువ్వు బట్టీ పట్టిన పాఠం అదే. మీ నాన్నగారు పీల్చిన గాలి వెంట ఒకసారి దిగి చూద్దాం.

ముందు నీ గొంతు మీద, కంఠమణికి కింద వేలు పెట్టి మెల్లగా పైకీ కిందికీ జరుపు. గట్టిగా, మెట్లు మెట్లుగా తగిలేవి శ్వాసనాళం తాలూకు మృదులాస్థి కడియాలు. 16 నుంచి 20 దాకా ఉంటాయి. నాళం పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు, లోపలి వెడల్పు సుమారు 1.8 సెంటీమీటర్లు. ఈ కడియాలు పూర్తి చుట్టు కావు, వెనక వైపు తెరిచి ఉంటాయి. ఆ ఖాళీని మెత్తటి కండరం మూస్తుంది. దాని వెనకాలే అన్నవాహిక ఉంటుంది. పెద్ద ముద్ద దిగేటప్పుడు అన్నవాహిక కాస్త ముందుకు ఉబ్బడానికి ఈ మెత్తదనం వీలిస్తుంది.

బెల్లం సంగతి ఇక్కడే తేలిపోతుంది. నోట్లో వేసుకున్న బెల్లం వెనక గొట్టంలోంచి కడుపులోకి పోతుంది. దుమ్ము ముందు గొట్టంలోంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు దారులూ గొంతు దగ్గరే విడిపోయాక మళ్ళీ ఎక్కడా కలవవు. పొరపాటున బెల్లం ముందు గొట్టంలోకి జారితే అది దుమ్మును లాగదు, ప్రాణం మీదికి తెస్తుంది. దుమ్ములో పనిచేసేవాళ్ళలో ఈ నమ్మకం బాగా ఉంది, చాలామంది తినడం నేను చూశాను. బెల్లం తినడం తప్పు కాదు. కాకపోతే అది తిన్నామన్న ధైర్యంతో మాస్కు తీసేస్తారు, అదే నా బాధ.

ఇక దిగుదాం. శ్వాసనాళాన్ని సున్నా తరం అనుకో. ఛాతీ ఎముక పైభాగం వెనక అది రెండుగా చీలుతుంది. అక్కడినుంచి ఒక్కో కొమ్మా మళ్ళీ రెండవుతూ పోతుంది. ఎవాల్డ్ వైబెల్ అనే స్విస్ శాస్త్రవేత్త 1963లో ఇచ్చిన లెక్క ప్రకారం ఇలా 23 సార్లు చీలుతుంది. నీ పుస్తకంలోది ఆ లెక్కే. నిజం ఊపిరితిత్తి అంత సమంగా చీలదు. కొన్ని దారులు ముందే ముగుస్తాయి, కొన్ని ఇంకా లోపలికి పోతాయి. లెక్కకు మాత్రం అది సరిపోతుంది. కుడి పెద్ద కొమ్మ ఎడమదాని కంటే వెడల్పు, పొట్టి, నిటారు. చిన్నపిల్లలు మింగబోయిన శనగ్గింజ ఎక్కువగా కుడివైపే జారడానికి కారణం అది.

పాలిషింగ్ షెడ్డులో లేచే దుమ్ములో అన్ని సైజుల రేణువులూ ఉంటాయి. మూడు రేణువులను తీసుకుందాం. ఒకటి 30 మైక్రాన్లు, ఒకటి 7 మైక్రాన్లు, ఒకటి 2 మైక్రాన్లు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి మూడోది కంటికి ఆనదు. షెడ్డు తలుపు సందులోంచి ఎండ పడ్డప్పుడు తళతళలాడుతూ కనబడేవి ఎక్కువగా పెద్దవే.

30 మైక్రాన్లది ముక్కు దాటదు. బరువుగా ఉండడంతో ముక్కులో గాలి తిరిగే మలుపు దగ్గర తిరగలేక తడి గోడకు అంటుకుంటుంది. పని నుంచి వచ్చి ముక్కు చీదితే నల్లగా వచ్చేది ఇలాంటివే. నోటితో గాలి పీల్చేవాళ్ళకు ఈ కాపలా కూడా ఉండదు. బరువైన పలకలు ఎత్తేటప్పుడు ఎవరైనా నోటితోనే పీలుస్తారు.

7 మైక్రాన్లది ముక్కు దాటి లోపలికి వస్తుంది. ఇక్కడ గాలి వేగం చూడాలి. పనిచేసే మనిషి సెకనుకు అర లీటరు చొప్పున గాలి లాగుతున్నాడు అనుకో. శ్వాసనాళం అడ్డకోత వైశాల్యం రెండున్నర చదరపు సెంటీమీటర్లు. అంటే గాలి సెకనుకు 2 మీటర్ల వేగంతో దిగుతుంది. మొదటి మూడు నాలుగు తరాల్లో ఈ వేగం పెద్దగా తగ్గదు. అంత వేగంలో ప్రతి చీలిక దగ్గరా గాలి పక్కకు తిరుగుతుంది గానీ బరువైన రేణువు తిన్నగా పోయి చీలిక అంచుకు కొట్టుకుంటుంది. 7 మైక్రాన్లవి చాలావరకు ఇలా పై కొమ్మల్లోనే గోడకు అంటుకుంటాయి.

ఆ గోడ ఎలాంటిదో చూడు. మృదులాస్థి ఇక్కడ కడియాలుగా కాకుండా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. లోపలి పొరలో పొడవాటి కణాలు ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. అన్నీ అడుగు పొర మీదే నిలబడతాయి గానీ కొన్ని పొట్టివి, కొన్ని పొడవువి. అందుకే సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు మూడు వరుసలున్నట్టు భ్రమ కలుగుతుంది. పుస్తకంలో మిథ్యాస్తరిత ఉపకళ అన్నది దీన్నే. వీటిలో ఎక్కువ శైలికలున్న కణాలు, ఒక్కోదానికి 200 దాకా శైలికలు. మధ్యమధ్య గాబ్లెట్ కణాలు జిగురు వదులుతుంటాయి. అడుగున పొట్టిగా ఉండే బేసల్ కణాలు, పైవి రాలిపోతే వాటి స్థానంలో కొత్తవి పుట్టిస్తాయి. పొర కింద జిగురు గ్రంథులు కూడా ఉంటాయి.

శైలికలు నేరుగా జిగురులో ఉంటే కదల్లేవు. వాటి చుట్టూ పల్చటి నీటి పొర, దాని మీద జిగురు దుప్పటి. సెకనుకు పదిసార్లకు పైగా అన్నీ ఒకే వైపు కొడుతూ ఆ దుప్పటిని గొంతు వైపు లాగుతాయి. శ్వాసనాళంలో ఆ దుప్పటి నిమిషానికి కొన్ని మిల్లీమీటర్లు కదులుతుంది, కింద కొమ్మల్లో ఇంకా నెమ్మది. అయినా ఈ భాగంలో అంటుకున్న దుమ్ము చాలావరకు ఒక రోజులోపే గొంతుకు చేరుతుంది. చాలాసార్లు తెలియకుండానే మింగేస్తాం. ఎక్కువైతే దగ్గి ఉమ్ముతాం. మీ నాన్నగారికి పొద్దున్నే వచ్చేది ఇది, రాత్రంతా పేరుకున్నది. మీ పుస్తకంలో రాసింది నిజమే, అయితే ఆ మాట ఈ మేరకే.

2 మైక్రాన్లది పైన ఎక్కడా ఆగదు. తేలిక కాబట్టి గాలితో పాటు ప్రతి మలుపూ తిరుగుతూ దిగుతుంది. సన్నబడే కొద్దీ గొట్టాల గోడ మారిపోతుంది. వెడల్పు మిల్లీమీటరు లోపుకు వచ్చేసరికి మృదులాస్థి పోతుంది, గ్రంథులు పోతాయి. వీటినే బ్రాంకియోల్స్ అంటాం. చుట్టూ ఉన్న ఊపిరితిత్తి కణజాలం అన్ని వైపుల నుంచీ లాగి పట్టుకోవడం వల్లే ఇవి మూసుకుపోకుండా తెరిచి ఉంటాయి. పొడవాటి కణాలు పొట్టివై, చివరికి ఘనాకారంలో ఒకే వరుసగా నిలబడతాయి.

పరీక్షలో ఎవరూ అడగరు గానీ, నాకు ఈ మొత్తం పాఠంలో ఇష్టమైన విషయం ఇక్కడ ఉంది. ముందు గాబ్లెట్ కణాలు ఆగిపోతాయి. శైలికలున్న కణాలు మాత్రం ఇంకా కింది దాకా వస్తాయి. ఊడ్చేవాళ్ళు, జిగురు వదిలేవాళ్ళ కంటే కింద నిలబడి ఉంటారన్నమాట. ఇదే తారుమారై ఉంటే, ఊడ్చేవాళ్ళు లేనిచోట వదిలిన జిగురు జారి గాలి గదుల్లోకి దిగిపోయేది. గాబ్లెట్ కణాల స్థానంలో ఇక్కడ క్లబ్ కణాలుంటాయి. పాత పుస్తకాల్లో క్లారా కణాలు అన్నవి ఇవే. పైకి గుమ్మటంలా ఉబ్బి, శైలికలు లేకుండా, పల్చటి ద్రవం మాత్రమే వదులుతాయి. అర మిల్లీమీటరు గొట్టంలో జిగురు పడితే దారే మూసుకుపోతుంది. పక్క కణం చచ్చిపోతే దాని స్థానాన్ని నింపేది కూడా ఇవే.

16వ తరానికి వచ్చేసరికి గొట్టాల సంఖ్య 65,536. ఒక్కోటి 0.6 మిల్లీమీటరు వెడల్పే అయినా, అన్నిటి అడ్డకోతలూ కలిపితే సుమారు 180 చదరపు సెంటీమీటర్లు. అదే అర లీటరు గాలి ఇంత వెడల్పులో పరుచుకునేసరికి దాని వేగం సెకనుకు 3 సెంటీమీటర్ల లోపుకు పడిపోతుంది. చివరి తరాల్లో మొత్తం వెడల్పు 10,000 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది, వేగం సెకనుకు అర మిల్లీమీటరు. వాన నీళ్ళు వంకలో ఉరకలేస్తున్నంత సేపూ మట్టి వాటితో పాటే పోతుంది. చెరువులో పడి నిలబడగానే ఒండ్రు అడుగున దిగుతుంది. మీ నాన్నగారి ఊపిరితిత్తుల్లో చెరువు 17వ తరం దగ్గర మొదలవుతుంది.

2 మైక్రాన్ల రాయి రేణువు కదలని గాలిలో సెకనుకు సుమారు 0.3 మిల్లీమీటరు కిందికి దిగుతుంది. శ్వాసనాళంలో అంత వెడల్పు దాటి గోడను చేరాలంటే దానికి నిమిషం పడుతుంది, ఈలోపు గాలి దాన్ని ఎప్పుడో దాటించేస్తుంది. ఇక్కడ మాత్రం గొట్టం అర మిల్లీమీటరే. రెండు సెకన్లలోపే గోడ మీద వాలిపోతుంది.

వాలిన చోట ఏముందంటే, 17వ తరం నుంచి గోడలోనే అక్కడక్కడా చిన్న బుడగలు మొదలవుతాయి. అవే వాయుగోణులు. అందుకే ఈ గొట్టాలను శ్వాస బ్రాంకియోల్స్ అంటారు. బుడగల మధ్య మిగిలిన కాస్త గోడ మీద శైలికలు పల్చబడి, రెండు మూడు తరాల్లో పూర్తిగా పోతాయి. 20వ తరం నుంచి గోడంతా వాయుగోణులే. ఒక్కోటి 0.2 మిల్లీమీటరు. మొత్తం 30 కోట్లని వైబెల్ లెక్క, తర్వాతి కొలతల్లో 48 కోట్ల దాకా తేలింది. వీటి గోడలో 95 శాతం మేర పరుచుకున్నవి మొదటి రకం కణాలు, కాగితం కంటే ఎన్నో రెట్లు పల్చన. మూలల్లో గుండ్రంగా కూర్చునే రెండో రకం కణాలు సంఖ్యలో ఎక్కువ. బుడగ ముడుచుకుపోకుండా సబ్బు లాంటి సర్ఫాక్టెంట్ వదిలేవి, మొదటి రకం దెబ్బతింటే కొత్తవి పుట్టించేవి ఇవే. గాలికీ నెత్తురుకీ మధ్య అడ్డం చాలాచోట్ల అర మైక్రాన్ మాత్రమే. వాలిన రేణువు 2 మైక్రాన్లు. అంటే గోడ కంటే రేణువే నాలుగింతలు మందం.

ఇక్కడ శైలికలు ఎందుకు లేవో నీకు ఇప్పుడు తెలిసే ఉంటుంది. వాటికి కావలసిన నీటి పొర, జిగురు దుప్పటి ఇంత పల్చటి గోడ మీద కప్పితే ఆక్సిజన్ దాటలేదు. అందుకని ఇక్కడ ఊడ్చే పని మాక్రోఫేజ్ అనే తిరుగుడు కణాలది. అవి రేణువును మింగి, కొన్ని పైకి పాకి శైలికలున్న చోటికి చేరి కఫంలో కలుస్తాయి. కొన్ని లింఫ్ దారిన పోతాయి. ఇది గంటల్లో అయ్యే పని కాదు, వారాలు, నెలలు.

మామూలు మట్టి, మసి అయితే అలాగే సర్దుకుపోతుంది. నేను అనాటమీ బల్ల దగ్గర పిల్లలకు ఊపిరితిత్తి ముక్క కోసి చూపించేదాన్ని. బూడిద గులాబీ రంగు కోత మీద, కొంచెం కొంచెం ఎడంగా నల్లటి చుక్కలు. ఇంకు చిందిందా మేడమ్ అని అడిగేవాళ్ళు. భూతద్దం ఇస్తే, ప్రతి చుక్కా ఒక సన్నటి గొట్టం చుట్టూ ఉందని వాళ్ళే కనిపెట్టేవాళ్ళు. అది సరిగ్గా శ్వాస బ్రాంకియోల్ ఉండే చోటు. బతికినన్నాళ్ళూ పీల్చిన పొగ, మసి శైలికలు ఆగిపోయిన గీత దగ్గరే పోగుపడి ఉంటుంది.

గ్రానైట్ దుమ్ములో మసి కంటే ప్రమాదమైనది ఉంది. అది క్వార్ట్జ్, అంటే సిలికా. దాన్ని మింగిన మాక్రోఫేజ్ చచ్చిపోతుంది. రేణువు బయటపడుతుంది, ఇంకొకటి వచ్చి దాన్నే మింగుతుంది, అదీ చస్తుంది. చచ్చే ప్రతి కణం వదిలే రసాయనాలు మచ్చ కట్టే కణాలను పిలుస్తాయి. అలా శ్వాస బ్రాంకియోల్స్ చుట్టూ, ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగంలో, గట్టి గింజల్లాంటి ముడులు కడతాయి. ఇదే సిలికోసిస్. సాధారణంగా పదేళ్ళు దాటాక బయటపడుతుంది. పని మానేసినా లోపల ఉన్న రేణువు ఉండనే ఉంటుంది కాబట్టి ముదరవచ్చు. మచ్చను మాపే మందు లేదు. మీ నాన్నగారికి ఉందని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. 14 ఏళ్ళ పని కాబట్టి చూపించి తీరాలి.

పరీక్షల్లో ఒక తికమక ఉంది. ఊది చూసే స్పైరోమెట్రీ మొదట్లో నార్మల్ రావచ్చు. కింది తరాల్లో గొట్టాలు అన్నన్ని వేలు కాబట్టి, గాలికి ఎదురయ్యే మొత్తం అడ్డంకిలో వాటి వాటా చాలా తక్కువ. అక్కడ ఎంతో పాడైతే గానీ ఊదే వేగంలో తేడా కనబడదు. అందుకని ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించు. పైభాగంలో చిన్న చిన్న గుండ్రటి మచ్చలున్నాయేమో చూడమని అడుగు. ఆయన వృత్తి చెప్పకపోతే ఆ మచ్చలను టీబీ అనుకుని మందులు మొదలుపెట్టే వీలుంది. అలాగని టీబీని పక్కన పెట్టకూడదు. సిలికా మాక్రోఫేజ్‌లను చంపేస్తుంది, టీబీ క్రిమిని పట్టేది కూడా అవే కాబట్టి రెండూ కలిసి రావడం మామూలు. కఫం పరీక్ష తప్పకుండా చేయించు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో అది ఉచితం. తిరుపతిలో ఉన్నావు కాబట్టి రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో ఛాతీ డాక్టర్లకు చూపించు. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, కఫంలో నెత్తురు ఉంటే ఈ వారమే తీసుకెళ్ళు.

బీడీ తాగుతారో లేదో నువ్వు రాయలేదు. తాగితే ముందు అది మానిపించాలి. పొగ శైలికలను మందగింపజేస్తుంది, ఏళ్ళు గడిస్తే అవి ఉన్న కణాల చోట చర్మం లాంటి బల్లపరుపు కణాలు వచ్చేస్తాయి. గాబ్లెట్ కణాలు పెరిగి, ఉండకూడని సన్న గొట్టాల్లోకి కూడా దిగుతాయి. ఒక పక్క జిగురు ఎక్కువ, ఇంకో పక్క ఊడ్చేవాళ్ళు తక్కువ. మీ నాన్నగారు ధైర్యంగా చెప్పే ఆ కఫం దారి కూడా అలా మూసుకుపోతుంది.

పనిచోట ఆయన అడగాల్సింది నీళ్ళు. కోసేటప్పుడూ అరగదీసేటప్పుడూ బ్లేడు మీద నీళ్ళు పడుతూ ఉంటే 2 మైక్రాన్ల రేణువు గాలిలోకి లేచేది చాలా తగ్గుతుంది. నీళ్ళతో కోసే చోట కూడా అంచులు మాత్రం చేతి గ్రైండర్‌తో పొడిగా సరిచేస్తారు. అసలు ముప్పు అక్కడే. ఆరిన బురదను చీపురుతో ఊడ్చడం, బట్టల మీద దుమ్మును కంప్రెసర్ గాలితో కొట్టుకోవడం కూడా అంతే చెడ్డవి. తువ్వాలు కట్టుకుంటే 30 మైక్రాన్లది ఆగుతుంది, 2 మైక్రాన్లది అల్లిక సందుల్లోంచి నేరుగా పోతుంది. ఎన్-95 మాస్కు ముఖానికి అతుక్కుని ఉండాలి. గడ్డం ఉంటే పక్కల్లోంచి గాలి లోపలికి వస్తుంది. పని బట్టలు ఇంట్లోకి తేకుండా, దులపకుండా, తడిపి ఉతకండి.

ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళు: ఏ ఏడు నుంచి పని, రోజుకు ఎన్ని గంటలు, అందులో పొడి గ్రైండింగ్ ఎంతసేపు, ఏ రకం రాయి. సిలికోసిస్ అని తేలితే అది చట్టం ప్రకారం డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి. ఆ రోజు ఈ కాగితమే మీకు ఆధారం అవుతుంది. పాత ఎక్స్‌రేలు ఏవైనా ఇంట్లో ఉంటే అవీ పట్టుకెళ్ళండి. కొత్తదాని పక్కన పెట్టి చూస్తే, మచ్చలు ఎప్పటివో, పెరుగుతున్నాయో లేదో డాక్టరుకు తెలుస్తుంది.